ఘాటైన నెగటివ్ రివ్యూకి అందరి ముందూ జవాబివ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మే చిన్న వ్యాపారుల కోసం ఇది రాస్తున్నాను. ఒక స్టార్ పడి, కింద "దొంగలు, ఎవరూ కొనకండి" అని ఉన్నప్పుడు ఏం రాయాలి, ఏం రాయకూడదు, ఎందుకు అన్నదే ఇక్కడి విషయం. రివ్యూ తీయించడం ఎలా అన్నది వేరే సంగతి, దాని జోలికి పెద్దగా వెళ్లను.

అసలు ఈ జవాబు ఎవరి కోసం రాస్తున్నట్టు? తిట్టినాయన కోసమే కదా?

పైకి ఆయన పేరు మీదే రాస్తాం, కానీ చదివేది వేరేవాళ్లు. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషి ఐదు స్టార్ల రివ్యూలు రెండు మూడు చూసి, నేరుగా ఒక స్టార్ వాటి దగ్గరికి వెళ్తాడు, మనమంతా చేసే పనే. అక్కడ ఆయన వెతికేవి రెండే. ఈ గొడవ నాకూ వస్తుందా? ఒకవేళ వస్తే వీళ్లు నన్ను పట్టించుకుంటారా, గాలికొదిలేస్తారా?

మీ జవాబులో ఈ రెండింటికీ సమాధానం దొరికితే రివ్యూ ఎంత ఘాటుగా ఉన్నా దాని దెబ్బ సగం తగ్గుతుంది. దొరక్కపోతే మీరు ఎంత మర్యాదగా రాసినా ఉపయోగం లేదు. రివ్యూ రాసినాయన శాంతిస్తే సంతోషమే, శాంతించకపోయినా జవాబు పని జవాబు చేస్తుంది. ఈ తేడా తలకెక్కితే "ఆయన్ని ఎలా ఒప్పించాలి" అన్న టెన్షన్ పోతుంది, రాయడం కూడా తేలికవుతుంది.

వెంటనే రాసేయాలా, కాసేపు ఆగాలా?

చదివిన వేడిలో మాత్రం రాయొద్దు. అలాగని వారాల తరబడి వదిలేయకూడదు కూడా. ఒకటి రెండు రోజుల్లో రాస్తే చాలు. ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్నే ఎగ్గొడతారు: జరిగిందేమిటో తెలుసుకోవడం. ఆర్డర్ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పంపారు, ఎప్పుడు చేరింది, ఆ మనిషి మీకు ముందే మెసేజ్ గానీ ఫోన్ గానీ చేశాడా, చేస్తే మీవాళ్లు ఏం చెప్పారు. కాల్ లాగ్ తీసి చూడండి. రివ్యూలో ఫోటో ఉంటే పెద్దది చేసి నిదానంగా చూడండి, సగం కేసులు ఫోటోలోనే తేలిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది. ఒక్కో ప్లాట్‌ఫామ్‌లో జవాబుకి ఒక్కో పద్ధతి. ఎట్సీలో అమ్మేవాళ్లు మూడు స్టార్లు, అంతకంటే తక్కువ వచ్చిన రివ్యూలకే పబ్లిక్‌గా జవాబివ్వగలరు. పైగా ఒకసారి జవాబు పెట్టారంటే ఆ తర్వాత కొన్నాయన తన రివ్యూ మార్చుకోలేడు. అంటే అక్కడ తొందరపడి జవాబు పెడితే, రేపు సమస్య తీరి ఆయనే స్టార్లు పెంచుదామనుకున్నా దారి ఉండదు. అలాంటి చోట ముందు ప్రైవేటుగా మాట్లాడి, తేల్చుకుని, ఇక మారేది లేదని తెలిశాకే పబ్లిక్‌గా రాయాలి. గూగుల్‌లో అలా కాదు, మీరు జవాబిచ్చాక కూడా ఆయన రివ్యూ మార్చుకోవచ్చు, మీరూ మీ జవాబు మార్చుకోవచ్చు. అక్కడ ముందే రాసినా నష్టం లేదు. మీరు అమ్మే చోట రూల్ ఏమిటో మొదటి చెడ్డ రివ్యూ పడకముందే చదివి పెట్టుకోండి.

ఒక ఉదాహరణ పూర్తిగా చూపించగలరా?

చూద్దాం. ఊహించి రాసిన కేసే, కానీ రోజూ జరిగేదే. ఇంట్లో మనమే బిగించుకోవాల్సిన ఆఫీసు కుర్చీ. రివ్యూ ఇదీ:

> పరమ చెత్త కుర్చీ. వారం కూడా కాలేదు, వెనక్కి ఆనుకుంటే ఊగిపోతోంది, మా నాన్నగారు పడబోయారు. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారి కూడా ఎత్తలేదు. డబ్బులు దోచుకునే దొంగలు. దయచేసి ఎవరూ కొనకండి.

కింద ఒక ఫోటో ఉంది. ఫోటో పెద్దది చేసి చూస్తే చేతులు ఆనించే భాగం దగ్గర బోల్టు కొన బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. కుర్చీతో రెండు సైజుల బోల్టులు వస్తాయి: వెనక భాగానికి 35 మి.మీ.వి నాలుగు, చేతులకి 20 మి.మీ.వి నాలుగు. ఈయన తారుమారుగా బిగించాడు. పొట్టి బోల్టు వెనక పెడితే మర నాలుగైదు చుట్లే పట్టుకుంటుంది, మనిషి ఆనుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం వదులై వారం తిరక్కుండానే ఊగుతుంది. కాల్ లాగ్ చూస్తే మూడు మిస్డ్ కాల్స్ నిజంగానే ఉన్నాయి, శనివారం సాయంత్రం ఒకటి, ఆదివారం రెండు. ఫోన్ లైన్ సోమవారం నుంచి శుక్రవారం దాకానే.

ఇప్పుడు అమ్మినాయనకి చేయి దురద పెడుతుంది. మొదట వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

> సార్, మా కుర్చీలో ఎలాంటి లోపమూ లేదు. మీరే బోల్టులు తప్పుగా బిగించారు. మాన్యువల్ 4వ పేజీలో స్పష్టంగా ఉంది, చదువుకోండి. మా దగ్గర ఎంతోమంది కొన్నారు, ఎవరూ ఇలా అనలేదు. దొంగలు అనే ముందు కాస్త ఆలోచించండి.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అదే అసలు చిక్కు. చదివే కొత్త కస్టమర్‌కి అర్థమయ్యేదేమిటంటే: ఈ కుర్చీ బిగించడంలో తప్పు జరిగే అవకాశం ఉంది, నేనూ చేస్తానేమో, చేస్తే వీళ్లు నన్నూ ఇలాగే నలుగురిలో కడిగేస్తారు. పైగా ఫోన్ సంగతి ఎత్తనే లేదు, అంటే అది నిజమేనన్నమాట. ఇక ఆ చివరి వాక్యం, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది.

ఇదే సమాచారంతో ఇలా రాయొచ్చు:

> నమస్తే అండీ. కుర్చీ ఊగి మీ నాన్నగారు పడబోయారని చదివి చాలా బాధ కలిగింది, క్షమించండి. మీరు పెట్టిన ఫోటో చూశాం. వెనక భాగానికి పట్టాల్సిన పొడవు బోల్టులు (35 మి.మీ.) చేతుల దగ్గరికి, పొట్టివి (20 మి.మీ.) వెనక్కి మారాయి. రెండు సైజులూ ఒకే కవర్‌లో కలిపి పంపితే ఇలా జరగడం సహజం, అది మా ప్యాకింగ్‌లో లోపం. బోల్టులు మార్చేదాకా దయచేసి ఆ కుర్చీ వాడకండి.
>
> ఫోన్ ఎత్తని మాట నిజమే. మా లైన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే ఉంటుంది, ఆ సంగతి పెట్టె మీద రాసి లేదు. ఇప్పుడు రాస్తున్నాం.
>
> గుర్తులు పెట్టిన కొత్త బోల్టుల సెట్టు మీకు ఈరోజు పంపాం. కుర్చీయే వద్దనుకుంటే మేమే వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇస్తాం, ఆర్డర్ పేజీలో ఒక మెసేజ్ పెట్టండి చాలు. ఇకమీదట రెండు సైజులూ వేర్వేరు కవర్లలో, మీద "వెనక", "చేతులు" అని రాసి వస్తాయి. ఇదే కుర్చీ ముందే కొన్నవాళ్లు ఎవరికైనా ఊగుతున్నట్టు అనిపిస్తే, పొడవు బోల్టులు వెనక ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇందులో గమనించాల్సింది మర్యాద ఒక్కటే కాదు. "కుర్చీ ఊగుతుంది" అన్న భయానికి "ఎందుకు ఊగింది" అన్న కారణం దొరికింది, అది కూడా కొలతతో సహా. కొత్త కస్టమర్ తన కుర్చీ బిగించేటప్పుడు పొడవు బోల్టు వెనక పెడతాడు, ఆ భయం అక్కడితో పోతుంది. కొన్నాయన తప్పు చేశాడని ఎక్కడా అనలేదు, బోల్టులు "మారాయి" అన్నాం అంతే, అయినా చదివేవాడికి జరిగింది అర్థమైపోతుంది. "దొంగలు" అన్న మాటని అసలు ముట్టుకోలేదు. దానికి సంజాయిషీ ఇచ్చుకున్నకొద్దీ ఆ మాటే రెండోసారి పేజీ మీద కనబడుతుంది.

ఇంకో మాట. "ఈరోజు పంపాం" అని రాయాలంటే నిజంగా పంపాకే రాయాలి. "పంపుతాం" అని రాసి మర్చిపోతే ఆయన మళ్లీ వచ్చి "ఇంతవరకు ఏమీ రాలేదు" అని రివ్యూలో చేరుస్తాడు, అప్పుడు మీ జవాబే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం. కవర్ల మీద రాయడం కూడా అంతే, చేయని మార్పు చేశామని రాయొద్దు.

తప్పు పూర్తిగా కస్టమర్‌దే అయినా మనమే క్షమాపణ చెప్పాలా?

జరిగిన ఇబ్బందికి చెప్పండి, చేయని తప్పుకి చెప్పక్కర్లేదు. "మీకు ఇలా జరిగినందుకు బాధగా ఉంది" అనడానికి, "మా సరుకు నాసిరకం, క్షమించండి" అనడానికి చాలా దూరముంది. మొదటిది ఎప్పుడైనా చెప్పొచ్చు.

అయితే "పూర్తిగా కస్టమర్‌దే" అనే కేసులు మీరు అనుకున్నంత ఎక్కువ ఉండవు. సైజు చూడకుండా కొన్నాడంటారు, తీరా చూస్తే సైజు చార్టు పేజీలో ఎక్కడో అడుగున, ఐదో ఫోటోలో ఉంటుంది. వాడకూడని చోట వాడాడంటారు, కానీ వాడకూడదని ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి "ఆయన ఎందుకు పొరబడ్డాడు" అని ఒకసారి అడిగి చూడండి. మీవైపు సరిచేయగలిగింది ఏదో ఒకటి దొరికితే జవాబులో రాయడానికి అసలు సరుకు అదే.

నిజంగా ఏమీ దొరక్కపోతే విషయం సూటిగా, విసురు లేకుండా చెప్పేయండి: "ఈ బ్యాగు వాటర్‌ప్రూఫ్ కాదు, చిరుజల్లుకి తట్టుకుంటుంది గానీ పెద్ద వానకి లోపలికి నీళ్లు వస్తాయి, పేజీలో మొదటి లైన్‌లోనే ఆ మాట రాశాం. వానలో వాడాలనుకునేవాళ్లు దయచేసి ఇది తీసుకోవద్దు." ఇలా రాస్తే కొంతమంది కొనరు. కొననివ్వండి, వాళ్లు కొనుంటే ఇంకో ఒక స్టార్ పడేది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒక వాక్యం తయారుగా పెట్టుకుని అన్నిటికీ పేస్ట్ చేస్తే?

అసలు జవాబివ్వకపోవడమే మేలు. ఒక్క రివ్యూ కింద చూస్తే ఫరవాలేదనిపిస్తుంది, కానీ చదివేవాడు ఒక స్టార్‌వి వరసగా చదువుతాడు, ఆరు రివ్యూల కింద అదే వాక్యం కనబడేసరికి వీళ్లు రివ్యూ చదవను కూడా చదవలేదని తేలిపోతుంది. ఒకడు చిరిగిందన్నాడు, ఇంకొకడు రంగు వేరన్నాడు, మరొకడు అసలు పార్సిలే రాలేదన్నాడు, ముగ్గురికీ "అసౌకర్యానికి చింతిస్తున్నాము".

మూస వాడితే వాడండి, కానీ దాన్ని రాయాల్సిన విషయాల వరసగా పెట్టుకోండి, వాక్యాలుగా కాదు. మొదటి వాక్యంలో మాత్రం ఆ రివ్యూలోని సమస్య పేరు ఉండి తీరాలి: జిప్పు, రంగు, ఆలస్యం, ఏదైతే అది. అది లేకపోతే మిగతాదంతా మర్యాదగా చేతులు దులుపుకున్నట్టే ఉంటుంది.

"దయచేసి మాకు ఈమెయిల్ చేయండి" అని మాత్రమే రాసి వదిలేయడం కూడా ఇదే బాపతు. మాట ప్రైవేటుకి మళ్లించడం మంచిదే, కానీ పరిష్కారం ఏమిటో కొంతైనా అందరికీ కనబడాలి. లేదంటే చదివేవాడికి తలుపు మూసేసిన చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

ఎంత పొడవు ఉండాలి?

ఫోన్ స్క్రీన్ మీద ఒక తెరకి మించకపోతే మంచిది. పైన కుర్చీకి రాసింది కాస్త ఎక్కువే, అందులో భద్రత విషయం ఉంది కాబట్టి సరే అనుకున్నాను. మామూలు ఫిర్యాదుకి నాలుగైదు వాక్యాలు చాలు.

యాప్‌లు చేసేవాళ్లకి ఈ చర్చే లేదు, గూగుల్ ప్లేలో జవాబు 350 అక్షరాలకి మించనివ్వరు. అందులో "మా యాప్‌ని వాడుతున్నందుకు ధన్యవాదాలు" అనడానికే ముప్పై నలభై అక్షరాలు పోతాయి. అక్కడ సమస్య పేరు, ఏ వెర్షన్‌లో సరిచేశారు, ఇంకా ఉంటే ఎక్కడ చెప్పాలి, ఈ మూడే రాయండి.

వాళ్లు అబద్ధం రాశారు. అసలు మా దగ్గర కొననే లేదు. "ఇది ఫేక్ రివ్యూ" అని రాయొచ్చా?

రాయాలనిపిస్తుంది, తెలుసు. కానీ చదివేవాడికి మీ ఇద్దరిలో ఎవరు నిజం చెబుతున్నారో తెలియదు, తనలాంటి కొనుగోలుదారునే నమ్మడం సహజం. నిజంగా మోసం చేసే అమ్మకందారులు కూడా ఇదే మాట అంటారు కదా.

రెండు పనులు చేయండి. ఒకటి, ప్లాట్‌ఫామ్‌కి రిపోర్ట్ చేయండి. మీకు నచ్చలేదన్న కారణంతో ఎవరూ రివ్యూ తీసేయరు. కొనుగోలు జరగలేదు, వేరే కంపెనీ గురించి రాశారు, బూతులు ఉన్నాయి, ఇలా వాళ్ల రూల్స్‌లో ఏది తప్పిందో ఎత్తి చూపాలి. రెండు, అది తేలేదాకా జవాబు ఇలా పెట్టండి:

> నమస్తే. మీరు రాసింది చదివాక మా ఆర్డర్లన్నీ వెతికాం. ఈ పేరుతో గానీ, మీరు చెప్పిన నీలం రంగు మోడల్‌కి గానీ ఆర్డర్ కనబడలేదు. మేం ఈ మోడల్‌ని నలుపు, బూడిద రంగుల్లోనే అమ్ముతాం. వేరే పేరుతో కొని ఉంటే ఆర్డర్ నంబర్‌ని మాకు మెసేజ్ చేయండి, వెంటనే చూస్తాం.

ఫేక్ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నీలం రంగు అసలు లేదన్న ముక్క చాలు, మిగతాది చదివేవాడే తేల్చుకుంటాడు. ఒకవేళ ఆయన నిజంగానే వేరే పేరుతో కొని ఉంటే మీ పరువూ పోదు. ఇది నిజంగా జరుగుతుంది: భార్య అకౌంట్‌తో కొని భర్త రివ్యూ రాస్తాడు, కానుకగా వచ్చిన వస్తువుకి ఇంకెవరో రాస్తారు.

మా వాదన నిరూపించడానికి వాళ్ల ఆర్డర్ వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్ పెట్టొచ్చా?

వద్దు. రివ్యూలో ఆ మనిషి తనంతట తాను చెప్పుకున్న విషయాలు దాటి ఒక్క ముక్క కూడా బయటపెట్టొద్దు. పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఏం కొన్నారు, ఇంతకుముందు ఎన్నిసార్లు వాపసు చేశారు, ఇవేవీ.

వైద్యం లాంటి రంగాల్లో అయితే ఇది నేరుగా చట్టం దాకా వెళ్తుంది. 2019లో అమెరికాలో ఒక డెంటల్ క్లినిక్, రివ్యూకి జవాబిస్తూ పేషెంట్ వివరాలు బయటపెట్టినందుకు అక్కడి ఆరోగ్య శాఖతో సెటిల్‌మెంట్‌లో 10,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. అలాంటి వృత్తిలో ఉంటే "మీరు మా దగ్గరికి వచ్చారు" అని ఒప్పుకోవడం కూడా వివరం బయటపెట్టినట్టే అవుతుంది, కాబట్టి "ఎవరి గురించీ ఇక్కడ మాట్లాడలేం, మా పద్ధతి మాత్రం ఇదీ" అన్న తీరులో రాయాలి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, కుర్చీలు అమ్మేవాడు స్క్రీన్‌షాట్ పెట్టాడంటే చదివేవాడికి గుర్తుండేది మీరు గెలిచారని కాదు, రేపు తన చాట్ కూడా ఇలాగే గోడకెక్కుతుందని.

రిఫండ్ ఇస్తామని అందరి ముందూ రాస్తే ప్రతివాడూ ఒక స్టార్ పెట్టి డబ్బు అడగడా?

ఈ భయం అందరికీ ఉంటుంది. రాసే తీరులోనే దానికి మందు ఉంది. "మీకు ప్రత్యేకంగా డబ్బు వెనక్కిస్తాం" అని రాస్తే, అరిస్తేనే డబ్బొస్తుందని చెప్పినట్టు. "విరిగి వచ్చినవాటికి ఎవరికైనా చేరిన 15 రోజుల్లోపు పూర్తి డబ్బు వాపస్, మీకూ అదే వర్తిస్తుంది" అని రాస్తే అది రూలు. చదివేవాడికి కూడా రివ్యూ పెట్టకుండానే ఆ హక్కు తనకుందని తెలుస్తుంది. మీ రిటర్న్ పాలసీ పేజీ ఎవరూ చదవరు, ఒక స్టార్ రివ్యూ కింద జవాబు మాత్రం చదువుతారు, కాబట్టి పాలసీలోని ఆ ఒక్క ముక్క చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

చేయకూడనిది మాత్రం ఒకటుంది. "రివ్యూ తీసేస్తే డబ్బిస్తాం", "ఐదు స్టార్లు చేస్తే కూపన్ ఇస్తాం" అనకండి, పబ్లిక్‌గానూ అనొద్దు, చాటుగానూ అనొద్దు. గూగుల్, అమెజాన్ లాంటి పెద్ద ప్లాట్‌ఫామ్‌ల రూల్స్‌కి అది విరుద్ధం, అమెరికాలో అయితే డబ్బు ఎర చూపి మంచి రివ్యూలు కొనడం, బెదిరించి చెడ్డవి తీయించడం లాంటివి 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన, అక్కడి వ్యాపారాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ రూలు కింద జరిమానా పడే పనులు. దానికి తోడు, ఆయన మీ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి అదే రివ్యూలో పెడితే ఇక ఏ జవాబూ పనికిరాదు. ముందు సమస్య తీర్చండి, రివ్యూ ఊసెత్తకండి. మార్చాలనిపిస్తే ఆయనే మారుస్తాడు.

ఆయన మళ్లీ వచ్చి ఇంకా ఘాటుగా రాశాడు. మళ్లీ జవాబివ్వాలా?

కొత్త విషయం ఏమైనా చెప్పాడా చూడండి. చెబితే మీ జవాబు మార్చి కింద రెండు లైన్లు చేర్చండి, తేదీ వేసి: "12వ తేదీన కొత్త బోల్టులు చేరాయని కొరియర్ రికార్డులో ఉంది, ఇంకా ఊగుతుంటే కుర్చీ తీసుకెళ్లడానికి మనిషిని పంపుతాం." కొత్త విషయం లేకుండా తిట్లే ఉంటే వదిలేయండి. చివరి మాట ఆయనదే అయినా ఫరవాలేదు, ఎవరు ఎక్కడ ఆగారో చదివేవాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది.

ఎవరికైనా దెబ్బ తగిలితే? అప్పుడూ ఇలాగే రాయాలా?

లేదు, అక్కడ ఈ సలహాలన్నీ పక్కన పెట్టండి. మనిషికి గాయమైంది, నిప్పు అంటుకుంది, షాక్ కొట్టింది అని రివ్యూలో ఉంటే ముందు ఆ మనిషికి ఫోన్ చేయండి, ఆ సరుకు అమ్మడం ఆపి చూడండి, లాయర్‌తోనో ఇన్సూరెన్స్ వాళ్లతోనో మాట్లాడాకే కారణాల గురించి రాయండి. అందాకా "చదివాం, వెంటనే మీతో మాట్లాడుతున్నాం, దయచేసి వస్తువు వాడకండి" అన్న రెండు ముక్కలు చాలు. అదే లోపం మిగతావాళ్ల దగ్గర కూడా ఉండే వీలుంటే, ఇంతకుముందు కొన్న అందరికీ విడివిడిగా చెప్పాలి. రివ్యూ కింద జవాబు దానికి బదులు కాదు. కుర్చీ కేసులో కూడా పెద్దాయన "పడబోయారు" కాబట్టి సరిపోయింది, పడి ఉంటే ఆ జవాబు అలా రాసేవాణ్ణి కాదు.

అమెజాన్‌లో జవాబిచ్చే బటనే కనబడటం లేదు. ఏం చేయాలి?

ప్రోడక్ట్ రివ్యూల కింద కామెంట్ పెట్టే సౌకర్యాన్ని అమెజాన్ 2020 డిసెంబర్‌లో తీసేసింది, ఇక అక్కడ అమ్మేవాళ్లు పబ్లిక్‌గా జవాబివ్వలేరు. బ్రాండ్ రిజిస్టర్ చేసుకున్నవాళ్లకి మాత్రం తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లని ప్రైవేటుగా సంప్రదించే దారి ఉంది.

అలాంటి చోట జవాబుని ప్రోడక్ట్ పేజీలోకే ఎక్కించాలి. కుర్చీ కేసే తీసుకుంటే, రెండు బోల్టులు పక్కపక్కన స్కేలు మీద పెట్టి తీసిన ఫోటో ఒకటి, కింద "పొడవైనవి వెనక, పొట్టివి చేతులకి" అన్న మాట. ఒక స్టార్ రివ్యూ చదివి పైకి స్క్రోల్ చేసినవాడికి సమాధానం అక్కడ దొరుకుతుంది. "కొందరు రివ్యూల్లో అన్నట్టు" అని మాత్రం రాయకండి, రివ్యూ చదవనివాళ్లకి కూడా మీరే భయం పుట్టించినట్టవుతుంది.

పాత రివ్యూలకి ఇప్పుడు రాస్తే విచిత్రంగా ఉండదా?

ఏమీ తేడా రాకపోతే పాతవాటిని కదపకండి. ఆ లోపం ఇప్పుడు సరిచేసి ఉంటే మాత్రం తప్పకుండా రాయండి, ఎందుకంటే రెండేళ్ల కిందటి రివ్యూ చదివేవాడు అది ఇవాళ్టి సరుకు గురించే అనుకుంటాడు. "ఈ రివ్యూ పాత మోడల్‌ది. అప్పటి ప్లాస్టిక్ హుక్కు విరుగుతోందని చాలామంది చెప్పాక దాన్ని స్టీలుకి మార్చాం. మీ దగ్గర ఇంకా పాతదే ఉంటే రాయండి, స్టీలు హుక్కు పంపిస్తాం." ఇంతే. ఒకే రోజు కూర్చుని ముప్పై రివ్యూలకి జవాబులు కొట్టకండి, తేదీలన్నీ ఒకటే కనబడితే అదీ మూసలాగే ఉంటుంది. ఎక్కువమందికి "హెల్ప్‌ఫుల్" అనిపించి పైన కూర్చున్న వాటితో మొదలుపెట్టండి, చదివేది అవే.

జవాబులిస్తే రేటింగ్ నిజంగా పెరుగుతుందా?

హోటళ్ల మీద దీన్ని గట్టిగానే పరిశీలించారు. ప్రోసెర్పియో, జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో వేసిన అధ్యయనం ప్రకారం, జవాబులివ్వడం మొదలుపెట్టిన హోటళ్ల రేటింగ్ సగటున 0.12 స్టార్ పెరిగింది, రివ్యూల సంఖ్య 12 శాతం పెరిగింది. పెద్ద అంకెలు కాకపోయినా, సగాల్లో గుండ్రం చేసి చూపించే చోట ఆ కాస్తే మూడున్నర కనబడాలా నాలుగు కనబడాలా అన్నది తేల్చగలదు.

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఇంకొకటి: నెగటివ్ రివ్యూలు తగ్గాయి, కానీ వచ్చినవి మునుపటికంటే పొడవుగా వచ్చాయి. యాజమాన్యం చదువుతుందని తెలిశాక, ఊరికే చిరాకు పడి రెండు ముక్కలు గీకేవాళ్లు వెనక్కి తగ్గుతారని, నిజంగా ఫిర్యాదు ఉన్నవాళ్లు వివరంగా రాస్తారని వాళ్ల వివరణ. అంటే జవాబులు మొదలుపెట్టాక పొడవాటి తిట్లు కనబడితే కంగారు పడొద్దు. పొడవాటి రివ్యూలో తేదీలు, భాగాల పేర్లు, ఫోటోలు ఉంటాయి, జవాబు రాయడానికి అదే మేలు.

ఇది హోటళ్ల సంగతి, మీ సరుకుకి ఇదే అంకె వస్తుందని అనుకోవద్దు.

మా జవాబు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

స్టార్లు చూసి వెంటనే తెలియదు. కొనేముందు వచ్చే మెసేజ్‌లు చూడండి. "ఈ కుర్చీ ఊగుతుందటగా, నిజమేనా?" అని అడిగేవాళ్లు తగ్గి, "కొత్త బోల్టుల కవర్లతోనే వస్తుందా?" అని అడిగేవాళ్లు మొదలైతే జవాబు చదువుతున్నారన్నమాట. రిటర్న్ కారణాల్లో ఆ సమస్య పేరు కనబడటం తగ్గిందా అన్నది రెండో గుర్తు, అయితే అది జవాబు వల్లా, కవర్లు మార్చడం వల్లా అన్నది విడదీయలేం.

అదే ఫిర్యాదు మీద ఇంకో మూడు రివ్యూలు పడ్డాయంటే ఇక జవాబులు మెరుగుపరచడం ఆపి సరుకు దగ్గరికి వెళ్లండి. నాలుగోసారి కూడా "మా ప్యాకింగ్ మార్చాం" అని రాస్తే మొదటిసారి రాసినదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

కింద పేరు పెట్టాలా, కంపెనీ పేరు చాలా?

మనిషి పేరు, ఆయన చేసే పని పెడితే బాగుంటుంది, ఇష్టం లేకపోతే "సపోర్ట్ టీమ్" అన్నా నష్టమేమీ లేదు. ఒక్కటే జాగ్రత్త: ఒకచోట "నేను", ఇంకోచోట "మేము", మరోచోట "యాజమాన్యం" అని మారుస్తూ పోకండి. పేరు పెడితే ఆ మనిషికి డబ్బు వాపస్ ఇచ్చే అధికారం కూడా ఉండాలి. కస్టమర్ ఆ పేరే పట్టుకుని ఫోన్ చేస్తాడు, అప్పుడు "ఆయన ఇక్కడ లేరండి" అంటే అది ఇంకో రివ్యూ అవుతుంది.